చెవికి చిక్కని అచ్చు

అసిస్టెంట్, స్టూడెంట్, రెస్టారెంట్, ప్రెసిడెంట్, టెనెంట్, ఏజెంట్. తెలుగులో ఈ మాటలన్నిటినీ చివర ‘ఎంట్’ అనే రాస్తాం, అలాగే పలుకుతాం. ఇంగ్లిషులో రాసేటప్పుడు మాత్రం వీటి దారులు వేరవుతాయి. స్టూడెంట్, ప్రెసిడెంట్, ఏజెంట్ చివర ‘ఈ, ఎన్, టి’ రావాలి. అసిస్టెంట్, రెస్టారెంట్, టెనెంట్ చివర ‘ఏ, ఎన్, టి’ రావాలి. మన నాలుక మీద అన్నీ ‘ఎంట్’ అయిపోయాయి కాబట్టి తెలుగువాళ్ల పొరపాటు ఎక్కువగా ఒకే వైపుకు పోతుంది. ‘ఏ’ ఉండాల్సిన చోట ‘ఈ’ రాసేస్తాం. మన ఊళ్లలో హోటళ్ల బోర్డులు చూస్తూ నడిస్తే రెస్టారెంట్‌ను ‘ఈ’తో రాసినవి తప్పకుండా కనిపిస్తాయి. రాసినవాళ్లు అజాగ్రత్తగా రాశారని నేననుకోను. విన్నదాన్ని విన్నట్టే రాశారు, తెలుగు రాయడం నేర్చుకున్న చేతికి అది సహజం.

ఇంగ్లిషు పుట్టుభాషగా ఉన్నవాళ్లకూ ఇక్కడ చెవి సాయం చెయ్యదు. ఇంగ్లిషులో ఒక మాటలో ఏదో ఒక భాగాన్ని నొక్కి పలుకుతారు, మిగతా భాగాల్లోని అచ్చులు నలిగిపోతాయి. ప్రెసిడెంట్ అన్నప్పుడు నొక్కు ‘ప్రె’ మీద పడుతుంది. చివరి అచ్చు ‘ఎ’ కాదు, ‘ఆ’ కాదు, నోరు పూర్తిగా తెరవకముందే అయిపోయే ఒక పొట్టి శబ్దంగా మిగులుతుంది. భాషాశాస్త్రంలో దాన్ని ష్వా అంటారు. అసిస్టెంట్ చివర కూడా సరిగ్గా అదే శబ్దం. అంటే ‘ఏ’ అయినా ‘ఈ’ అయినా లండన్‌లో పలికేది ఒకటే. తెలుగులో ప్రతి అచ్చునూ పూర్తిగా పలుకుతాం, పలికిందే రాస్తాం. అందుకని మనం ఆ శబ్దానికి ‘ఎ’ అనే రూపం ఇచ్చి స్థిరం చేసుకున్నాం.

మరి ఒకటే శబ్దానికి రెండు రాతలు ఎందుకొచ్చాయి? లాటిన్‌లో క్రియకు ఒక రూపం ఉంది. మన ‘చేస్తున్న’, ‘వేలాడుతున్న’లాంటిది. క్రియ ఏ తరగతికి చెందితే దాన్నిబట్టి ఆ రూపంలో అచ్చు మారుతుంది. ‘ఆరే’తో ముగిసే మొదటి తరగతి క్రియలకు ‘ఏ’ అక్షరం వస్తుంది, మిగతా తరగతులకు ‘ఈ’ వస్తుంది. ఇగ్నోరెంట్, టాలరెంట్, డామినెంట్ మొదటి తరగతి నుంచి వచ్చాయి కాబట్టి ‘ఏ’. స్టూడెంట్, ఏజెంట్ మిగతావాటి నుంచి వచ్చాయి కాబట్టి ‘ఈ’. ఇంతవరకే అయితే చిక్కు ఉండేది కాదు. కానీ లాటిన్ నుంచి పుట్టిన ఫ్రెంచి ఈ తేడాను చెరిపేసింది, ఏ తరగతి క్రియ అయినా ‘ఏ’నే పెట్టుకుంది. ఇంగ్లిషేమో కొన్ని మాటల్ని నేరుగా లాటిన్ నుంచి, కొన్నిటిని ఫ్రెంచి చేతి మీదుగా తీసుకుంది. లాటిన్‌లో ‘ఈ’ ఉన్న మాట ఫ్రెంచి గుండా వస్తే చాలాసార్లు ‘ఏ’ వేసుకునే వచ్చింది.

ఈ చిక్కు మొత్తాన్నీ డిపెండెంట్ అనే ఒక్క మాటలో చూడొచ్చు. దీని మూలం వేలాడటం అనే అర్థమున్న లాటిన్ క్రియ, పెండేరే. మెడలో వేసుకునే పెండెంట్‌కూ అదే మూలం. లాటిన్ లెక్క ప్రకారం వీటికి ‘ఈ’ రావాలి. కానీ రెండూ ఫ్రెంచి మీదుగా వచ్చాయి కాబట్టి మొదట్లో రెండిటికీ ‘ఏ’నే ఉండేది. మెడలోని పెండెంట్ ఇప్పటికీ ‘ఏ’ని వదల్లేదు. డిపెండెంట్ విషయంలో మాత్రం, లాటిన్ చదువుకున్నవాళ్లు మూలాన్ని గుర్తుచేసుకుని ‘ఈ’ రాయడం మొదలుపెట్టారు. శామ్యూల్ జాన్సన్ 1755లో తన ఇంగ్లిషు నిఘంటువు అచ్చువేసే నాటికి రెండు రాతలూ చలామణీలో ఉన్నాయి. దాని ముందుమాటలో ఆయన ఈ మాటనే ఉదాహరణగా తీసుకున్నాడు. రాసేవాడి మనసులో ఆ క్షణాన ఏ భాష మెదులుతోందో దాన్నిబట్టి దీని చివరి భాగం మారుతోందని గమనించాడు. ఈ సమస్య గురించి అంతకన్నా సూటిగా చెప్పినవాళ్లు నాకు కనిపించలేదు.

తర్వాతి కాలంలో బ్రిటన్ ఆ రెండు రాతలకూ పని పంచిపెట్టింది. ‘ఆధారపడిన’ అని విశేషణంగా వాడితే ‘ఈ’. ‘ఆధారపడి బతికే మనిషి’ అని నామవాచకంగా వాడితే ‘ఏ’. అమెరికా ఈ పంపకాన్ని పట్టించుకోలేదు. అక్కడ మామూలుగా రెండిటికీ ‘ఈ’నే రాస్తారు. ఇండిపెండెంట్ వీటికన్నా ఆలస్యంగా, 17వ శతాబ్దంలో వాడుకలోకి వచ్చింది. అది విశేషణంగా ఉన్నా, ఎన్నికల్లో ఏ పార్టీకీ చెందని అభ్యర్థి అనే అర్థంలో ఉన్నా, బ్రిటన్‌లోనూ అమెరికాలోనూ ‘ఈ’ మాత్రమే. ఫ్రెంచివాళ్లు ఇప్పటికీ ఇదే మాటను ‘ఏ’తో రాసుకుంటారు, కాబట్టి రెండు భాషలూ చదివేవాళ్లకు చెయ్యి తడబడుతుంది.

డిసెండెంట్, అంటే ఒక వంశంలో తర్వాత పుట్టినవాళ్లు, సరిగ్గా దీనికి ఎదురుగా నడిచింది. దీని లాటిన్ మూలం కూడా ‘ఈ’ తరగతిదే. ఇదీ ఫ్రెంచి మీదుగానే వచ్చింది. కానీ దీన్ని ‘ఈ’ వైపు లాగిన పండితుల చెయ్యి గెలవలేదు. మనుషుల్ని చెప్పే మాటగా ‘ఏ’తోనే నిలిచిపోయింది. ‘ఈ’ ఉన్న డిసెండెంట్ కొన్ని నిఘంటువుల్లో ‘దిగువకు సాగే’ అనే అర్థంలో కనిపిస్తుంది గానీ మామూలు రాతలో దాని అవసరం రాదు. అదే మూలం నుంచి వచ్చిన ట్రాన్సెండెంట్‌కు మాత్రం ‘ఈ’ వచ్చింది. అందుకే మూలం ఒకటైతే రాత ఒకటే అవుతుందన్న నమ్మకం ఇక్కడ పనికిరాదు.

అయితే ప్రతి మాటనూ బట్టీ పట్టాల్సిన పని లేదు. చాలా మాటలకు ఇంగ్లిషులోనే ఒక చుట్టం ఉంటుంది. ఆ చుట్టంలో నొక్కు సరిగ్గా మనకు కావలసిన అచ్చు మీదకు జరుగుతుంది. అప్పుడు నలిగిపోయిన అచ్చు తేటగా వినిపిస్తుంది. రెసిడెంట్ అంటే ఏమీ తెలియదు, రెసిడెన్షియల్ అంటే ‘డెన్’ మీద నొక్కు పడి ‘ఎ’ స్పష్టమవుతుంది. కాబట్టి రెసిడెంట్‌లో ‘ఈ’. ప్రెసిడెంట్‌కు ప్రెసిడెన్షియల్, కాన్ఫిడెంట్‌కు కాన్ఫిడెన్షియల్, యాక్సిడెంట్‌కు యాక్సిడెంటల్ ఇదే సాక్ష్యం ఇస్తాయి. ఇవన్నీ తెలుగువాళ్లకు బాగా అలవాటైన మాటలే. రెసిడెన్షియల్ స్కూల్ అని, కాన్ఫిడెన్షియల్ ఫైలు అని రోజూ అంటూనే ఉంటాం. సబ్‌స్టెన్స్ అనే మాట చివర ఏముందో తెలియకపోతే సబ్‌స్టాన్షియల్ అని చూడండి. అక్కడ ‘ఆ’ వినిపిస్తుంది, కాబట్టి ‘ఏ’. ఈ పరీక్షలో మనం ఒక నియమాన్ని నమ్మడం లేదు, దాగిన అక్షరాన్ని స్వయంగా వింటున్నాం. అందుకే నాకు అన్నిటికన్నా దీని మీదే గురి.

‘ఏ’ వైపుకు ఇంకో రకం చుట్టం ఉంది. మాట చివరి ‘ఎంట్’ తీసేసి ఆ చోట ‘ఏషన్’ పెట్టి చూడాలి. అప్లికెంట్‌కు అప్లికేషన్, కన్సల్టెంట్‌కు కన్సల్టేషన్, మైగ్రెంట్‌కు మైగ్రేషన్, పార్టిసిపెంట్‌కు పార్టిసిపేషన్ వస్తాయి. వీటన్నిటికీ ‘ఏ’. ఇలా ఎందుకు కుదురుతుందంటే, లాటిన్ మొదటి తరగతి క్రియల్లోని ‘ఏ’ అక్షరమే రెండు రూపాల్లోనూ ఉంది. అప్లికేషన్‌లో దానిమీద నొక్కు పడి బయటికి వినిపిస్తుంది, అప్లికెంట్‌లో నలిగిపోతుంది. బోర్డుల మీద తప్పుగా కనిపించే రెస్టారెంట్‌ను కూడా ఇదే కాపాడుతుంది. శక్తి తిరిగి తెచ్చేది అనే అర్థంలో ప్యారిస్‌లో 18వ శతాబ్దంలో ఒక రకం మాంసపు రసాన్ని ఆ పేరుతో పిలిచారు, తర్వాత అది దొరికే చోటుకు ఆ పేరు వచ్చింది. తిరిగి తేవడం అనగానే రెస్టోరేషన్ గుర్తుకొస్తుంది, రెస్టోరేషన్‌లో ‘ఏ’ వినిపిస్తుంది.

ఈ పరీక్షకు రెండు హద్దులున్నాయి. ‘ఎంట్’ను తీసేసి ఆ స్థానంలోనే ‘ఏషన్’ పెట్టాలి, దాని తర్వాత తగిలించకూడదు. ప్రెజెంటేషన్‌లో ప్రెజెంట్ అనే మాట చెక్కుచెదరకుండా ఉండిపోయింది, కాబట్టి అది సాక్ష్యం కాదు. డాక్యుమెంటేషన్ కూడా అంతే. ఇక వయొలెంట్ అనే మాట నిజంగానే ఎదురు తిరుగుతుంది. దానికి వయొలేషన్ ఉన్నా రాత ‘ఈ’తోనే. లాటిన్‌లో అది క్రియ నుంచి ‘తున్న’ అర్థంలో పుట్టిన రూపం కాదు, వేరే ప్రత్యయంతో ఏర్పడిన మాట.

తెలుగు చెవికి అన్నిటికన్నా అనువైన ఆనవాలు మరొకటి ఉంది. దాన్ని మన బడుల్లో ఎందుకు ముందుగా చెప్పరో నాకు అర్థం కాదు. ఇంగ్లిషులో ‘సి’, ‘జి’ అక్షరాలకు రెండేసి పలుకులున్నాయి. ‘సి’ తర్వాత ‘ఈ’ వస్తే స అని, ‘ఏ’ వస్తే క అని పలుకుతుంది. ‘జి’ తర్వాత ‘ఈ’ వస్తే చాలావరకు జ అని, ‘ఏ’ వస్తే గ అని పలుకుతుంది. అంటే ముగింపుకు ముందున్న హల్లే చివరి అచ్చు పేరు చెప్పేస్తోంది. వేకెంట్, సిగ్నిఫికెంట్, ఎలిగెంట్, అరోగెంట్ అన్నిటిలో క, గ వినిపిస్తున్నాయి, అన్నిటికీ ‘ఏ’. డీసెంట్, రీసెంట్, ఇన్నోసెంట్, అర్జెంట్, ఇంటెలిజెంట్‌లలో స, జ వినిపిస్తున్నాయి, అన్నిటికీ ‘ఈ’. ఎలిగెంట్‌లో ‘ఈ’ రాస్తే చదివేవాడు దాన్ని ఎలిజెంట్ అనుకుంటాడు. తెలుగులో మనం క, స, గ, జలను వేరు వేరుగా పలుకుతాం, వేరు వేరుగా రాస్తాం కూడా. కాబట్టి ఈ పరీక్షకు మనకు అదనంగా నేర్చుకోవాల్సిందేమీ లేదు. స శబ్దం ‘సి’ అక్షరం నుంచి వచ్చిందా లేదా అన్నది మాత్రం చూసుకోవాలి. ‘ఎస్’ నుంచి వచ్చిన స ఏ హామీ ఇవ్వదు. ఇన్‌సెసెంట్‌లో స ఉన్నా చివర ‘ఏ’నే.

సార్జెంట్‌లో జ పలుకుతూనే ‘ఏ’ ఉంది. అది ఎలా కుదిరిందో చూస్తే ఈ పరీక్ష మీద నమ్మకం పెరుగుతుంది. ఆ మాట రాతలో ‘జి’కీ ‘ఏ’కీ మధ్య ఒక ‘ఈ’ దూర్చారు. ‘జి’ని జ అని పలికించడమే ఆ ‘ఈ’ చేసే పని. సార్జెంట్, సర్వెంట్ రెండూ సేవ చేయడం అనే అర్థమున్న ఒకే లాటిన్ మాట నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చినవే.

ఇప్పుడు చుట్టాలు దొరకని మాటలకు వద్దాం. డిపెండెంట్, డిసెండెంట్ ఆ కోవలోవే. వీటికి ‘ఏషన్’ లేదు, నొక్కు జరిగే చుట్టం లేదు, ముందు హల్లు ‘డి’ కాబట్టి అదీ సాయపడదు. కానీ ‘ఎండ్’తో ముగిసే క్రియల నుంచి పుట్టిన మాటల్ని ఒక చోట చేరిస్తే ఒక సగం నియమం బయటపడుతుంది. మనిషిని చెప్పే మాటకు ‘ఏ’ వస్తుంది. అటెండెంట్, డిఫెండెంట్, డిసెండెంట్, బ్రిటన్ రాతలో ఆధారపడిన మనిషి అయిన డిపెండెంట్, అందరూ ‘ఏ’ పక్షమే. గుణాన్ని చెప్పే విశేషణమైతే ‘ఈ’ పక్షం. ఆధారపడిన అనే అర్థంలో డిపెండెంట్, స్వతంత్రమైన అనే అర్థంలో ఇండిపెండెంట్, ట్రాన్సెండెంట్ అక్కడికి చేరతాయి. దీన్ని ధిక్కరించే మనిషి సూపరింటెండెంట్. ఆఫీసు తలుపుల మీద, దరఖాస్తుల్లో దీన్ని ‘ఏ’తో రాయాలనిపించేది అటెండెంట్ ప్రభావం వల్లే కావచ్చు. ఇది ఫ్రెంచి మీదుగా కాక లాటిన్ నుంచి వచ్చిన మాట. దీన్ని ఇండిపెండెంట్ అభ్యర్థి పక్కన నిలబెట్టి గుర్తుపెట్టుకోవచ్చు. పొడుగైన రెండు పేర్లు, మనుషులే అయినా ఇద్దరూ ‘ఈ’.

కోర్టు కాగితాలు రాసేవాళ్లకు ఈ సగం నియమం నిజంగా పనికొస్తుంది. అక్కడ ఒకే పేజీలో డిఫెండెంట్, రెస్పాండెంట్, అప్పెల్లెంట్ కనిపించవచ్చు. డిఫెండెంట్‌కు ముందున్నది ‘ఎండ్’ శబ్దం, మనిషి కాబట్టి ‘ఏ’. రెస్పాండెంట్‌కు ముందున్నది ‘ఆండ్’ శబ్దం, దానికి ‘ఈ’. పత్రికల్లో వార్తలు రాసే కరస్పాండెంట్‌ది కూడా రెస్పాండెంట్ ఇల్లే, అక్కడా ‘ఈ’. అప్పీలు చేసుకున్న అప్పెల్లెంట్‌కు ‘ఏ’ వస్తుంది.

డిసెండెంట్ ఒక్కదానికి నేను వేరే గుర్తు పెట్టుకున్నాను. పూర్వీకుణ్ణి చెప్పే ఇంగ్లిషు మాట యాన్సెస్టర్ ‘ఏ’తో మొదలవుతుంది. ఆ ‘ఏ’ వంశంలో కిందికి దిగి వారసుడి పేరు చివర చేరింది. ఇండిపెండెంట్‌కు రాత చూసుకోవడమే మంచి గుర్తు. మొదటి ‘ఐ’ తర్వాత వచ్చే మూడు అచ్చులూ ‘ఈ’లే, మాట మొత్తంలో ‘ఏ’ ఒక్కటీ లేదు.

ఎంత వెతికినా నియమానికి లొంగని ఇల్లు కూడా ఉంది. నిలబడటం అనే అర్థమున్న ఒకే లాటిన్ క్రియ నుంచి అసిస్ట్, రెసిస్ట్, కన్సిస్ట్, పెర్సిస్ట్, ఇన్సిస్ట్ వచ్చాయి. లాటిన్ ప్రకారం అన్నిటికీ ‘ఈ’ రావాలి. కానీ అసిస్టెంట్, రెసిస్టెంట్ రెండూ ‘ఏ’, కన్సిస్టెంట్, పెర్సిస్టెంట్, ఇన్సిస్టెంట్ మూడూ ‘ఈ’. ఇక్కడ చెవి, చుట్టం, హల్లు ఏవీ పనిచేయవు. పక్కన నిలబడేది, ఎదురు నిలబడేది, ఈ రెంటికే ‘ఏ’ అని గుర్తుపెట్టుకోవడం తప్ప మార్గం లేదు. ఈ రెండు కుదిరితే అసిస్టెన్స్, రెసిస్టెన్స్ కూడా కుదిరినట్టే, ఎందుకంటే చివర ‘ఎన్స్’ వచ్చినా దాదాపు ఎప్పుడూ అదే అచ్చు కొనసాగుతుంది.

విదేశాలకు వెళ్లే కుటుంబాలకు డిపెండెంట్ అనే మాట కాగితాల మీద ఎదురవుతుంది. బ్రిటన్ ప్రభుత్వ వీసా సమాచారంలో భార్య, భర్త, పిల్లల్ని చెప్పేటప్పుడు ఆ నామవాచకం ‘ఏ’తో ఉంటుంది. అమెరికా పన్ను కాగితాల్లో అదే అర్థంలో ‘ఈ’తో ఉంటుంది. మన చట్టాల్లో బ్రిటన్ పద్ధతి కనిపిస్తుంది. కార్మికుల నష్టపరిహారం కోసం వచ్చిన 1923 నాటి చట్టంలోనూ, 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలోని 80డీడీ సెక్షన్‌లోనూ ఆధారపడిన మనిషి ‘ఏ’తోనే ఉన్నాడు. కాబట్టి అమెరికా కాగితంలో ‘ఈ’ చూసి తప్పనుకోనక్కర్లేదు, లండన్ కాగితంలో ‘ఏ’ చూసి దిద్దనక్కర్లేదు. ఎక్కడికి రాస్తున్నామో ఆ దేశపు రాత పాటించాలి. కంప్యూటరు ఇక్కడ కాపలా కాయలేకపోవచ్చు. ఇండిపెండెంట్‌లో ‘ఏ’ రాస్తే ఎర్ర గీత పడుతుంది గానీ, డిపెండెంట్‌కు రెండు రాతలూ నిఘంటువుల్లో ఉన్నాయి.

బ్రిటన్ పద్ధతిలో రాసేటప్పుడు నామవాచకమా, విశేషణమా అని సందేహం వస్తే మాట చివర బహువచనపు ‘ఎస్’ చేర్చి చూడాలి. ‘నాకు ఇద్దరు డిపెండెంట్స్ ఉన్నారు’ అన్న వాక్యంలో ‘ఎస్’ కుదిరింది, అది మనుషుల్ని చెబుతోంది, ‘ఏ’ రాయాలి. డిపెండెంట్ చిల్డ్రన్ అన్నప్పుడు ‘ఎస్’ కుదరదు, అది పిల్లలు ఎలాంటివాళ్లో చెబుతోంది, ‘ఈ’ రాయాలి. ఇవి రెండూ ఒకే దరఖాస్తులో పక్కపక్కనే రావచ్చు, అప్పుడు రెండు రాతలూ సరైనవే. డిపెండెన్స్, ఇండిపెండెన్స్ అని స్థితిని చెప్పేటప్పుడు మాత్రం, ఆధారపడిన మనిషికి ‘ఏ’ రాసే బ్రిటన్‌లో కూడా ‘ఈ’నే వాడతారు.